అపోహలు - వాస్తవాలు: ‘మాత్రమే’ ఎక్కడ పెట్టినా ఒకటేనా?

నేను వాక్యాలు దిద్దే పని చేస్తాను. పెద్ద వ్యాసాలు తక్కువే, నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఒక్క వాక్యంలో ముగిసిపోయేవి: సంఘాల తీర్మానాలు, నోటీసులు, షరతులు, ఫారం చివర ఉండే హామీలు. వ్యాసంలో ఒక వాక్యం తడబడితే పక్క వాక్యం సర్దుతుంది. ఇక్కడ పక్క వాక్యమే ఉండదు. అందుకే ‘మాత్రమే’ చుట్టూ సున్నా చుట్టి, ఇది ఎవరికి సంబంధించింది అని రాసి వెనక్కి పంపిస్తుంటాను. దాదాపు ప్రతిసారీ ఒకటే జవాబు: “తెలుగులో పదాలు ఎటు మార్చినా అర్థం మారదు కదండీ, చదివేవాళ్ళకు తెలుస్తుందిలెండి.”

ఈ మాట విని విని విసుగొచ్చింది. దీన్ని నమ్మడం వల్ల జరిగే నష్టం, మిగతా తప్పులన్నీ కలిపినా జరగదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: తెలుగులో పదాల వరుసకు పట్టింపు లేదు

సగం నిజం. “రాముడు రావణుణ్ణి చంపాడు” అన్నా, “రావణుణ్ణి రాముడు చంపాడు” అన్నా చచ్చింది రావణుడే. ఎందుకంటే ‘ణ్ణి’ అనే విభక్తి ఆ పేరుకు అతుక్కుని ఉంది, ఆ మాట ఎక్కడికి పోతే దానితో పాటే పోతుంది. కానీ ‘మాత్రమే’కు విభక్తి ఏది? దానికి తన ముందున్న మాటే ఆధారం. ఏ మాట వెనక నిలబడితే ఆ మాటకే చెందుతుంది.

మూడు వాక్యాలు చూడండి. “ఆదివారం మాత్రమే పిల్లలకు ప్రవేశం ఉంది” అంటే మిగతా రోజుల్లో పిల్లలు రాకూడదు. “ఆదివారం పిల్లలకు మాత్రమే ప్రవేశం ఉంది” అంటే ఆ రోజు పెద్దవాళ్ళు రాకూడదు. “ఆదివారం పిల్లలకు ప్రవేశం మాత్రమే ఉంది” అంటే లోపలికి రావచ్చు గానీ ఇంకేమీ ఆశించకూడదు. మాటలన్నీ అవే, కానీ గుమ్మం దగ్గర ఆగిపోయే మనుషులు మాత్రం వేరు.

ఒకసారి ఒక సంఘం కార్యదర్శి చాలా టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ తీర్మానం ఇలా ఉంది: “కొత్త సభ్యులు సమావేశంలో మాట్లాడడానికి అధ్యక్షుడి అనుమతి మాత్రమే తీసుకోవాలి.” పాత సభ్యులకు ఈ అనుమతి అక్కర్లేదు అన్నది ఆయన ఉద్దేశం. సమావేశంలో ఆ అర్థం ఒక్కరికీ తట్టలేదు. కొత్తవాళ్ళేమో “అనుమతి ఒక్కటి ఉంటే చాలు, ముందుగా పేరు రాయించుకోనక్కర్లేదు” అన్నారు. ఇంకో వర్గం “అధ్యక్షుడిదే చెల్లుతుంది, ఆయన రాని రోజు ఉపాధ్యక్షుడు అనుమతి ఇవ్వడానికి వీల్లేదు” అంది. రెండూ ఆ వాక్యంలో ఉన్న అర్థాలే. ఆయన అనుకున్న అర్థమే అందులో లేదు. పాపం, తనకు తెలుగు రాదేమోనని ఆయన బాధపడుతున్నారు. అది కారణం కాదు. రాసేటప్పుడు ఆయన మనసులో ‘కొత్త సభ్యులు’ అన్నచోట గొంతు గట్టిగా పలికింది, కాగితానికి ఆ గొంతు వినపడదు. పైగా ‘మాత్రమే’ను క్రియ పక్కకు జరిపేయడం నేను చాలామందిలో చూస్తున్నాను, వాక్యం అక్కడ నిండుగా ముగిసినట్టు అనిపిస్తుంది కాబట్టి.

ఇలాంటప్పుడు నేను చేసే పరీక్ష ఒకటే. ‘మాత్రమే’ ముందున్న మాటను తీసుకుని “మరి ఏది కాదు?” అని అడిగి, జవాబు పక్కన రాసుకుంటాను. ‘అధ్యక్షుడి అనుమతి మాత్రమే’ దగ్గర రెండు జవాబులు వచ్చాయి: ఉపాధ్యక్షుడిది కాదు, పేరు నమోదు కాదు. రెండు జవాబులు వచ్చాయంటే అక్కడ గొడవ ఉన్నట్టే. ‘మాట్లాడడానికి మాత్రమే’ అని మార్చితే ఓటు వేయడానికి అనుమతి అక్కర్లేదు అని వస్తుంది, అది మన ఉద్దేశం కాదు. ‘కొత్త సభ్యులు మాత్రమే’ అని మార్చితే పాత సభ్యులకు అక్కర్లేదు అని వస్తుంది, కావలసింది అదే.

అక్కడితో కార్యదర్శి గారు లేవబోయారు, నేను కూర్చోబెట్టాను. ఎందుకంటే ‘కొత్త సభ్యులు మాత్రమే’ దగ్గర ఇంకో జవాబు కూడా వస్తుంది: సభ్యులు కానివాళ్ళు. అంటే చూడడానికి వచ్చిన అతిథి ఎవరి అనుమతీ లేకుండా లేచి మాట్లాడవచ్చని వాదించే వీలుంది! ‘మాత్రమే’ ఆ పదబంధం మొత్తానికి తగులుతుంది. ‘కొత్త’ అన్న ఒక్క ముక్కకు తగిలించాలంటే కుదరదు, ‘కొత్త మాత్రమే సభ్యులు’ అనలేం కదా. కాబట్టి పోలిక ఎవరి మధ్యో ముందే చెప్పేయాలి: ‘సభ్యుల్లో కొత్తవాళ్ళు మాత్రమే’. ‘కొత్త’ అంటే ఎన్నాళ్ళు అన్న ప్రశ్న కూడా రాకుండా చివరికి ఇలా స్థిరపరిచాం: “సభ్యుల్లో చేరి ఏడాది నిండనివాళ్ళు మాత్రమే సమావేశంలో మాట్లాడడానికి అధ్యక్షుడి అనుమతి తీసుకోవాలి.” అతిథుల సంగతి ఈ వాక్యం చెప్పదు, అది వేరే తీర్మానం.

అపోహ: ‘కేవలం’ కూడా చేర్చితే ఇంకా స్పష్టం

ఒక్కోసారి నిజమే. ‘కేవలం’ మాటకు ముందు వస్తుంది, ‘మాత్రమే’ వెనక వస్తుంది. “ఆదివారం కేవలం సభ్యులకు మాత్రమే” అన్నప్పుడు రెండూ ఒకే మాటను చెరోవైపు పట్టుకుంటాయి, పునరుక్తి అని కొందరు కొట్టేస్తారు గానీ నేను కొట్టను. అదే “కేవలం ఆదివారం సభ్యులకు మాత్రమే” అని రాస్తే, ఆదివారమేనా, సభ్యులేనా, రెండూనా? ఈ రకం నోటీసు చదివి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు, తీరా వాళ్ళకు ప్రవేశం ఉండే ఉంటుంది.

అపోహ: ‘చేసి’కీ చివరి క్రియకూ ఒకే కర్త ఉండి తీరాలి

పైన దిద్దిన తీర్మానం చూసి వాళ్ళలోనే ఒకాయన అభ్యంతరం చెప్పారు: “చేరినది సభ్యుడు, నిండనిది ఏడాది. ఇద్దరు కర్తలు. వ్యాకరణ దోషం.” ‘చేసి’, ‘వెళ్ళి’ లాంటి రూపాలను బడిలో క్త్వార్థకం అని చదువుకున్న పాఠం గుర్తున్నవాళ్ళకు ఈ అనుమానం రావడం సహజం. నియమం మామూలుగా అదే, కానీ కాలం గడిచిందని చెప్పేటప్పుడు అది వర్తించదు. “ఆయన వెళ్ళి పదేళ్ళయింది” అని అందరం అంటాం, అది తప్పు కాదు. కారణం చెప్పేటప్పుడూ అంతే: “వానలు పడి చెరువులు నిండాయి.” ఇక్కడ ‘పడి’కి కర్త వానలని పక్కనే కనిపిస్తోంది, నిండినవి చెరువులని కూడా తెలుస్తోంది. ఎవరికీ అనుమానం రాదు.

చిక్కంతా కర్త ఎక్కడా కనపడనప్పుడు. ‘చేశాడు’, ‘చేసింది’, ‘చేశారు’ అన్నప్పుడు ఆ చివర చూస్తే ఎవరో కొంతైనా తెలుస్తుంది. ‘చేసి’, ‘చేస్తూ’ అన్నప్పుడు ఆ గుర్తు ఉండదు. ‘మాత్రమే’కు విభక్తి లేనట్టే వీటికీ కర్తను చూపే ప్రత్యయం లేదు, కాబట్టి చదివేవాళ్ళు చివరి క్రియ దగ్గరున్న కర్తను తెచ్చి వీటికి తగిలిస్తారు. అక్కడ మనిషి లేకపోతే వాక్యం గాలిలో వేలాడుతుంది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే నమూనా ఇది: “దరఖాస్తులను పరిశీలించి అర్హులకు కార్డులు అందుతాయి.” అందేవి కార్డులు. పరిశీలించేది ఎవరు? కార్డులా? ఎవరూ అలా అర్థం చేసుకోరు, నిజమే. కానీ దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసే మనిషికి ఎవరిని అడగాలో ఈ వాక్యం చెప్పదు. అంటే ఒక బాధ్యత మాయమైంది. “కార్యదర్శి దరఖాస్తులను పరిశీలించి అర్హులకు కార్డులు ఇస్తారు” అంటే సరిపోతుంది. పరిశీలించేవాళ్ళు ఒకరు, ఇచ్చేవాళ్ళు ఇంకొకరు అయితే ‘చేసి’ వదిలేయండి: “కమిటీ దరఖాస్తులను పరిశీలించిన తర్వాత కార్యదర్శి కార్డులు ఇస్తారు.” ‘చేసిన తర్వాత’, ‘చేయగానే’, ‘చేస్తే’ అన్నవి రెండో కర్తను హాయిగా ఒప్పుకుంటాయి. ఇంకో గుర్తు చెప్తాను: వాక్యం చివర ‘జరుగుతుంది’, ‘అందుతుంది’, ‘చేయబడుతుంది’ కనిపిస్తే వెనక్కి వెళ్ళి ప్రతి ‘చేసి’ దగ్గరా “ఎవరు?” అని అడగండి. వేలాడే వాక్యాల్లో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతాయి.

మిగతావి, త్వరగా

కామా పెడితే సరిపోతుందని అంటారు. “ఏడుస్తూ వచ్చిన పిల్లవాణ్ణి ఓదార్చింది” అన్నదాంట్లో ఏడ్చింది పిల్లవాడా, ఆవిడా? ‘ఏడుస్తూ’ తర్వాత కామా పెడితే ఆవిడ వైపు మొగ్గుతుంది, నిజమే. కానీ బోర్డు మీదికి ఎక్కించేటప్పుడు మొదట రాలిపోయేది కామానే, ఇక పైకి చదివి వినిపించేవాళ్ళు దాన్ని పట్టించుకుంటారన్న భరోసా లేదు. ఏడ్చింది ఆవిడే అయితే “వచ్చిన పిల్లవాణ్ణి ఏడుస్తూ ఓదార్చింది” అని మాటనే జరపండి.

విశేషణాలు కూడా ఇంతే. ‘నిరుడు ఏర్పడిన సంఘం కమిటీ’ అంటే నిరుడు ఏర్పడింది సంఘమో కమిటీయో తెలియదు. ‘సంఘానికి నిరుడు ఏర్పడిన కమిటీ’ అనండి.

‘కూడా’కు ‘మాత్రమే’ నియమమే, పరీక్ష ఒక్కటే తిరగబడుతుంది: “ఇంకా ఏది?” అని అడగాలి. “సభ్యులు కూడా రుసుము చెల్లించాలి” అంటే సభ్యులు కానివాళ్ళు ఎలాగూ చెల్లిస్తున్నారని, “సభ్యులు రుసుము కూడా చెల్లించాలి” అంటే సభ్యులు ఇంకేదో కూడా ఇవ్వాలని.

‘మాత్రమే’ తీసేసి ‘తప్ప’ వాడితే సురక్షితం అని ఒక సలహా తిరుగుతోంది. జాగ్రత్త. “కొత్తవాళ్ళు తప్ప ఎవరూ అనుమతి తీసుకోనక్కర్లేదు” అన్నది పాతవాళ్ళకు ఉన్న మినహాయింపును గట్టిగా చెప్తుంది, కొత్తవాళ్ళు తీసుకోవాలన్న మాటను మాత్రం ఊహకు వదిలేస్తుంది. ఆ నియమం ముందే ఇంకోచోట రాసి ఉంటేనే ‘తప్ప’ వాడండి. ఉన్నది ఒక్క వాక్యమే అయితే, ‘తీసుకోవాలి’ అన్న మాట అందులో కనపడి తీరాలి.