రెండు రూపాయల తగ్గింపు వదిలేస్తే మూడు రూపాయల వడ్డీ

తెనాలిలో మా బావమరిదికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు, ఎండాకాలం వస్తే కూలర్లు. సరుకు విజయవాడ డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి వస్తుంది, బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది: 10 రోజుల్లో కడితే 2% సీడీ, లేదంటే 30 రోజులు గడువు. సీడీ అంటే క్యాష్ డిస్కౌంట్. మావాడు దాన్ని ఎప్పుడూ తీసుకోడు. ఎందుకురా అంటే, "రెండు శాతమే కదా బావా, డబ్బు నెలాఖరుదాకా మన గల్లాలోనే ఉంటుంది" అంటాడు. ఇదే మనిషి, ఎవరైనా వచ్చి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తానంటే షాపు మెట్టు కూడా ఎక్కనివ్వడు. ఆ సీడీ వదులుకున్న ప్రతిసారీ తను తీసుకుంటున్నది ఆ అప్పే అని ఎంత చెప్పినా నమ్మలేదు, ఒకరోజు కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది.

ముందు జీఎస్టీ పక్కనపెట్టి లక్ష రూపాయల బిల్లు అనుకుందాం. పదో రోజున కడితే 98,000. ముప్పయ్యో రోజున కడితే లక్ష. మొదటి పది రోజులు రెండు దారుల్లోనూ డబ్బు మన దగ్గరే ఉంది, వాటికి పైసా ఖర్చు లేదు, కాబట్టి అవి లెక్కలోకి రావు. తేడా వచ్చేది పదో రోజు నుంచి ముప్పయ్యో రోజు దాకా, అంటే 20 రోజులు. ఆ 20 రోజులు మనం వాడుకునేది ఎంత? లక్ష కాదు, 98,000. పదో రోజున సప్లయర్ మన నుంచి అడిగేది అంతే కదా. దానికి మనం అదనంగా ఇచ్చేది 2,000. ఇంకోలా చెప్తే సరుకు అసలు ధరే 98,000, మిగతా రెండు వేలు అప్పు ధర. బిల్లు మీద లక్ష అని పెద్దగా ప్రింటు వేసి, రెండు వేలను తగ్గింపు అని పిలవడం వల్ల మన బుర్ర తిరగబడి ఆలోచిస్తుంది.

98,000కి 2,000 అంటే 2.04%. ఇరవై రోజులకి. ముప్పై రోజులకి లాగితే 3.06%, అంటే మన భాషలో నూటికి మూడు రూపాయల పైచిలుకు వడ్డీ. ఏడాదిలో ఇరవై రోజుల ముక్కలు 18.25 ఉంటాయి, 2.04ని దానితో హెచ్చవేస్తే సంవత్సరానికి 37.2%. బ్యాంకు ఓడీ, అంటే ఒక పరిమితి దాకా కావాల్సినప్పుడు తీసుకుని వాడుకున్న రోజులకే వడ్డీ కట్టే ఓవర్‌డ్రాఫ్ట్, మావాడికి 12%కి ఉంది, అందులో సగం పైన ఎప్పుడూ వాడకుండా పడి ఉంటుంది.

చాలామంది ఇక్కడ 30 రోజులతో భాగించి, 2 శాతాన్ని 12తో హెచ్చవేసి "24 శాతమే" అని సరిపెట్టుకుంటారు. ఉచితంగా వచ్చిన పది రోజుల్ని కూడా డబ్బు పెట్టి కొన్న రోజుల్లో కలిపేస్తే వచ్చే తప్పు అది. ఇంకొందరు చక్రవడ్డీ వేసి 44.6% అంటారు. లెక్క ప్రకారం అదీ తప్పు కాదు, మిగిలిన రెండు వేల మీద కూడా మళ్లీ అదే రేటుకి సంపాదన వస్తూ ఉంటే ఆ సంఖ్య నిజం. చిన్న షాపులో ఆ రెండు వేలు ఇంటి ఖర్చులో కలిసిపోతాయి కాబట్టి నాకు మాత్రం 37 దగ్గరే ఆగడం నచ్చుతుంది.

మావాడి అసలు అభ్యంతరం వేరే. "నేను పోగొట్టుకునేది రెండు వేలు, నువ్వు 37 శాతం అంటూ భయపెడుతున్నావు, సంవత్సరమంతా ఎక్కడ అప్పు ఉంది బావా?" మంచి ప్రశ్న. ఒక్క బిల్లుకి ఒక్కసారి వదిలేస్తే పోయేది రెండు వేలే, 37% అనేది వేరే అప్పులతో పోల్చుకోవడానికి వాడే కొలబద్ద. కానీ తను నెలకో బిల్లు చొప్పున పన్నెండు వదిలేస్తున్నాడు. అదనంగా కట్టింది 24,000. ప్రతి నెలా ఇరవై రోజులు 98,000 వాడుకున్నాడు, అంటే 365లో 240 రోజులు, సంవత్సరం మొత్తానికి పరిచి చూస్తే సగటున 64,400 అప్పు. ఆ 64,400కి 24,000 వడ్డీ. భాగిస్తే మళ్లీ 37 దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఇది చూశాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, టీ తెప్పించాడు.

ఇక నిజం బిల్లు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన దేశంలో జీఎస్టీ వల్ల ఈ లెక్క కొంచెం మారుతుంది. సరుకు 2,00,000, మీద 18% అంటే 36,000, మొత్తం 2,36,000. ఈ డిస్ట్రిబ్యూటర్ సీడీ ఇచ్చేది బేసిక్ మీదే, అంటే రెండు లక్షల మీద 4,000. పన్ను మీద తగ్గింపు లేదు. కాబట్టి పదో రోజున కట్టాల్సింది 2,32,000. అంత మొత్తాన్ని ఇరవై రోజులు ఆపితే ఖర్చు 4,000, అంటే 1.72%, ఏడాదికి 31.5%. పైన వచ్చిన 37 ఇక్కడ 31కి దిగింది, ఎందుకంటే పన్ను డబ్బుకి కూడా గడువు దొరుకుతోంది గానీ దాని మీద సీడీ లేదు. అయినా నూటికి రెండున్నర రూపాయల పైనే పడింది. అదే 2,32,000 ఓడీలోంచి తీసి పదో రోజున కట్టేస్తే బ్యాంకుకి ఇరవై రోజుల వడ్డీ సుమారు 1,525. సీడీ 4,000 వస్తుంది. మిగిలేది 2,475, ఏడాదికి పన్నెండు బిల్లులంటే దగ్గర దగ్గర 30 వేలు.

షాపు కంప్యూటర్లో ఎక్సెల్ ఉంది కాబట్టి ఒక లైను పెట్టి వచ్చాను. B2లో బిల్లు మొత్తం, C2లో సీడీ రూపాయల్లో, D2లో సీడీ గడువు రోజులు, E2లో అసలు గడువు రోజులు.

```
=C2/(B2-C2)*365/(E2-D2)
```

దీన్ని ఓడీ రేటుతో పోల్చుకుంటే చాలు. అన్ని సీడీలూ తీసుకోవాల్సినవేం కావు. ఒక ఫ్యాన్ల కంపెనీ స్కీము 10 రోజుల్లో కడితే 1%, లేకపోతే 60 రోజులు. అక్కడ జీఎస్టీ లేకుండా చూసినా 50 రోజులకి 1.01%, ఏడాదికి 7.4% అవుతుంది. 12%కి ఓడీ తీసి దాన్ని పట్టుకోవడం శుద్ధ దండగ, గడువు దాకా హాయిగా ఆపుకోవచ్చు. రేటుని నిర్ణయించేది శాతం ఒక్కటే కాదు, రెండు తేదీల మధ్య దూరం. మన కళ్లు మాత్రం శాతం దగ్గరే ఆగిపోతాయి.

ఓడీ పరిమితి మొత్తం వాడేసినవాళ్ల సంగతి వేరు. వాళ్లు సీడీ కోసం డైలీ ఫైనాన్స్‌కి వెళ్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పది వేలని చెప్పి వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, సగటున మన దగ్గర ఉండే అప్పు నాలుగున్నర వేలే, దాని మీద వంద రోజులకి వెయ్యి, ఏడాదికి 80% దగ్గరకి పోతుంది. అలాంటి చోట సీడీ వదిలేయడమే నయం.

మరి సప్లయర్‌కి పిచ్చా, ఇంత రేటు ఎందుకు ఇస్తాడు? అతనికిది వడ్డీ ఒక్కటే కాదు. వసూలుకి వారానికోసారి మనిషిని తిప్పే ఖర్చు, మునిగిపోయే బాకీలు, అసలు ఎవరి దగ్గర డబ్బు ఆడుతోందో తెలియడం, ఇవన్నీ అందులో కలిసి ఉన్నాయి. ఎప్పుడూ సీడీ తీసుకునే షాపు ఒక్కసారిగా మానేస్తే డిస్ట్రిబ్యూటర్‌కి ముందుగా తెలిసిపోతుంది అక్కడేదో ఇబ్బంది ఉందని.

ఇందులో లెక్కకన్నా ఎక్కువ దెబ్బ తగిలేది తేదీల దగ్గర. పది రోజులు బిల్లు తేదీ నుంచా, సరుకు దిగిన రోజు నుంచా? ఎక్కువచోట్ల బిల్లు తేదీ నుంచే, లారీ మూడు రోజులు ఆలస్యమైతే మనకి మిగిలేది ఏడు. ఒకసారి నేనే మా వాళ్ల తరఫున పదో రోజు పొద్దున్నే ఆన్‌లైన్‌లో కట్టాను, సీడీ రాలేదు. ఫోన్ చేస్తే పాత బిల్లు 6,400 పెండింగ్ ఉందట, మేము కట్టిన డబ్బు ముందు దానికి జమ చేసుకున్నారు, కొత్త బిల్లు ఆ మేరకి మిగిలిపోయింది కాబట్టి సీడీ చెల్లదన్నారు. ఆరు వేల బాకీ కోసం నాలుగు వేలు పోయాయి. అప్పట్నుంచి కట్టే ముందు వాళ్ల లెడ్జర్ తెప్పించుకుని చూడటం, కట్టేటప్పుడు ఏ బిల్లుకో నంబరు రాసి మెసేజ్ పెట్టడం అలవాటైంది.

"మా మార్కెట్లో 30 అంటే 45 రోజులు, ఎవడు కడతాడు ముప్పైకి?" అనేవాళ్లు కూడా ఉన్నారు. నిజమే, 45కి లాగితే మన 2,36,000 బిల్లు మీద రేటు 31.5 నుంచి 18కి పడిపోతుంది, 60కి లాగితే 12.6 అయి ఓడీతో ఇంచుమించు సమానం. కానీ ఆ తగ్గుదల సప్లయర్ సహనంలోంచి కోసుకున్నది. పైగా సరుకు తయారుచేసి అమ్మేది రిజిస్టరైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఎంత రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అలా గడువు దాటిన కొనుగోలు ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో డబ్బు నిజంగా కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటున్నారు కూడా. మావాడికి సరుకిచ్చేది ట్రేడరు కాబట్టి ఆ పేచీ అతనికి లేదు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. పెళ్లిళ్ల హడావుడిలో పదో రోజు దాటిపోయిందట, "ఎలాగూ లేటైంది, ఇవాళ పద్నాలుగో రోజు, కట్టేయమంటావా బావా?" అన్నాడు. కట్టొద్దన్నాను. పదో రోజు దాటగానే 4,000 పోయింది, ఇప్పుడు కట్టినా 2,36,000, ముప్పయ్యో రోజున కట్టినా 2,36,000. పద్నాలుగో రోజున కడితే ఆ నాలుగు వేలు పెట్టి కొన్నది నాలుగు రోజులే అవుతుంది, సంవత్సరానికి 157% పడుతుంది. మిగతా పదహారు రోజులూ వాటి ఖరీదు ముందే చెల్లించేశాం, ఆ డబ్బు అప్పటిదాకా ఓడీలో వేసుంచమన్నాను.