రాత్రి రెండింటికి తాగే పాలు ఆకలికా, అలవాటుకా?

తిరుపతి నుంచి ఒక తల్లి అడిగారు: "మా పాపకు 13 నెలలు. రాత్రి మూడుసార్లు లేచి పాలకు ఏడుస్తుంది. వేపాకు నూరి రొమ్ముకు పూస్తే ఒక్క రాత్రిలో మానేస్తుందంటారు మా అత్తమ్మ. పూయమంటారా?"

వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు వయసు సంగతి. ఆరు నెలల లోపు బిడ్డకు రాత్రి పాలు అవసరమే, తగ్గించే మాటే వద్దు. డబ్బాపాలు తాగే బిడ్డ బరువు బాగా పెరుగుతుంటే ఆరు నెలలు దాటాక ఆలోచించవచ్చు. తల్లిపాల బిడ్డకైతే ఏడాది నిండేదాకా ఆగడం మేలు, ఎందుకంటే అంతకుముందే రాత్రి తగ్గిస్తే తల్లికి పాలు పడటమే తగ్గవచ్చు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు సరిగా పెరగకపోయినా ముందు డాక్టరును అడగాలి.

ఈ పాప విషయానికొస్తే, ఆమె లేవడం తప్పేమీ కాదు. పసిబిడ్డల నిద్ర సుమారు గంటకో విడతగా సాగుతుంది. విడత మారినప్పుడల్లా కాస్త మెలకువ వస్తుంది. తిరుపతిలో రాత్రి రైలెక్కి పడుకున్నారనుకోండి. రేణిగుంటలో బండి ఆగితే కళ్లు సగం తెరుస్తారు, అదే బెర్తు, అదే దుప్పటి కనిపిస్తాయి, మళ్లీ నిద్రపోతారు. పొద్దున ఆ సంగతే గుర్తుండదు. అదే ఒకరు మిమ్మల్ని నిద్రలోనే ప్లాట్‌ఫాం మీదికి దించేస్తే? కెవ్వున లేస్తారు. రొమ్ము నోట్లో ఉండగా నిద్రపోయిన బిడ్డకు గంట తర్వాత అది కనిపించకపోతే జరిగేది ఇదే. ఇంకో ముక్క కూడా ఉంది. రేణిగుంట, గూడూరు, నెల్లూరు, ప్రతి స్టేషన్‌లో ఎవరో లేపి టీ ఇస్తూ పోతే వారం తిరిగేసరికి ఆ వేళకు మీ కడుపే టీ అడుగుతుంది. పగటి ఆకలి మాత్రం చస్తుంది. రాత్రి కడుపు నిండిన బిడ్డ పొద్దున సంగటి ముద్దకు మూతి తిప్పేసేది అందుకే. అంటే అలవాటుగా మొదలైనది నిజమైన ఆకలిగానే మారిపోయి ఉంటుంది, కాబట్టి ఒక్కసారిగా కోయకూడదు.

(రాత్రి ఏడుపంతా దిష్టే అనుకుని ఉప్పు, మిరపకాయలు తిప్పి పడేసే అవ్వలతో నాకు పేచీ లేదు. ఆ మిరప పొగ బిడ్డ పడుకున్న గదిలోకి రాకుండా ఉంటే చాలు.)

రెండు మూడు రాత్రులు గడియారం చూసి రాసుకోమన్నాను. ఆమె పంపిన లెక్క: 11కు పది నిమిషాలు, 2కు ఎనిమిది, 4కు మూడు. ఐదు నిమిషాల లోపు తాగేది ఆకలి తీర్చుకోవడం కన్నా నిద్ర కోసమే, అందుకే 4 గంటల పాలు నేరుగా ఆపేయవచ్చు. మిగతా రెండింటిని రెండు రాత్రులకోసారి రెండేసి నిమిషాలు తగ్గించాలి. 11కు పది, ఎనిమిది, ఆరు, నాలుగు, ఆపైన బంద్. 2 గంటలవి ఒక మెట్టు ముందే అయిపోతాయి. నిమిషాలు నిండగానే చిటికెన వేలితో మెల్లగా రొమ్ము విడిపించి, జోకొట్టి పడుకోబెట్టాలి. ఆ జోకొట్టే పని నాన్నో అవ్వో చేస్తే ఇంకా సులువు, వాళ్ల దగ్గర పాల వాసన రాదు కదా. పగలు ఆ లోటు తీరేలా రాగి సంగటిలో నెయ్యి, పప్పు, గుడ్డు కాస్త ఎక్కువ పెట్టాలి.

ఇప్పుడు వేపాకు. రొమ్ములో పాలు నిలిచి ఉంటే కొత్త పాలు తయారవడం తానే మందగిస్తుంది. పాలలోనే ఉండే ఒక పదార్థం ఆ పని చేస్తుందని అంటారు. కానీ అలా సర్దుకోవడానికి కొన్ని రోజులు కావాలి. ఒక్క రాత్రిలో ఆపితే పాలు గడ్డకట్టి, రొమ్ము ఎర్రబడి, జ్వరం కూడా రావచ్చు. మెల్లగా తగ్గించినా బరువుగా, గట్టిగా అనిపిస్తే చేత్తో కొద్దిగా పిండేయాలి, నొప్పి తగ్గేంత వరకే. మొత్తం పిండితే మళ్లీ అంత పాలూ తయారవుతాయి. ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి.

డబ్బాపాల బిడ్డకు నిమిషాల బదులు మిల్లీలీటర్లు. 60 లేదా అంతకన్నా తక్కువ తాగితే నేరుగా ఆపేయవచ్చు. ఎక్కువైతే రెండు రాత్రులకోసారి 30 తగ్గించాలి: 150, 120, 90, 60, ఇక చాలు. మన దగ్గర దొరికే చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా పొడి కొలత కాబట్టి (డబ్బా మీద చూసుకోండి), ప్రతిసారీ ఒక చెంచా పొడీ, దానికి తగ్గ నీళ్లూ తగ్గుతాయి. పొడి తగ్గించి నీళ్లు అలాగే ఉంచడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పల్చటి పాలతో బిడ్డ రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా పోవచ్చు. ఎక్కువసేపు నిద్రపోతుందని సీసాలో రాగి జావ కలపడం వల్ల నిద్ర పెరగదు, గొంతుకు అడ్డుపడే ప్రమాదం మాత్రం ఉంది.

జ్వరం, పళ్లు వచ్చే బాధ, ఊరు ప్రయాణం ఉన్న వారం మొదలుపెట్టకండి. మొదలయ్యాక రోజుకు ఆరు తడి గుడ్డల కన్నా తగ్గినా, పగటి తిండి పెరగకపోయినా ఆపేసి పాత లెక్కకు వెళ్లిపోండి. రెండు వారాలాగి మళ్లీ చూడవచ్చు.