వినాయక చవితి తేదీ జరిగితే వ్యూస్ లెక్కా జరుగుతుంది

2024లో వినాయక చవితి సెప్టెంబర్ 7న వచ్చింది. 2025లో ఆగస్టు 27న వచ్చింది. తేదీ ముందుకి జరిగింది పదకొండు రోజులే. కానీ ఉండ్రాళ్లు, కుడుములు చేసి చూపించే యూట్యూబ్ ఛానెల్‌కి మాత్రం పండగ ఒక నెల నుంచి ఇంకో నెలకి మారిపోయింది. వచ్చే నెల ఎన్ని వ్యూస్ వస్తాయో అంచనా వేసేవాళ్లు చాలామంది పోయినేడాది అదే నెలని చూసి, కొంత పెరుగుదల కలిపి ఊరుకుంటారు. మన పండగల్లో చాలావాటి విషయంలో ఆ పద్ధతి దెబ్బతింటుంది.

ఒక వంటల ఛానెల్‌ని ఊహించుకుందాం. ఇప్పుడు 2025 జులై ఆఖరు. ఆగస్టు అంచనా కావాలి. ముందు చేయాల్సింది వ్యూస్‌ని మూడు కుప్పలుగా విడదీయడం: పప్పు, చారు, వేపుళ్ల లాంటి పాత రోజువారీ వీడియోలు ఒకటి, చవితి వీడియోలు ఒకటి, కొత్తగా పెట్టేవి ఒకటి. మూడింటి నడక మూడు రకాలు. కలిపి చూస్తే ఏది ఎందుకు పెరిగిందో తెలియదు.

రోజువారీ వీడియోల కుప్ప నెమ్మదిగా కదులుతుంది. ఇక్కడ నెల మొత్తం కాకుండా రోజు సగటు చూడాలి, లేకపోతే 28 రోజుల ఫిబ్రవరి ఊరికే పడిపోయినట్టు కనిపిస్తుంది. మన ఛానెల్‌లో ఈ సగటు జనవరిలో 8,600, జులైలో 10,000 అనుకుందాం. అంటే నెలకి సుమారు రెండున్నర శాతం పెరుగుదల. ఆగస్టులో రోజుకి 10,250 చొప్పున 31 రోజులకి 3,17,750. మధ్యలో ఏదైనా వీడియో అనుకోకుండా వైరల్ అయి ఉంటే దాన్ని పక్కన పెట్టాకే ఈ సగటు తీయాలి. షార్ట్స్‌ని కూడా ఇందులో కలపకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, యూట్యూబ్ దాన్ని వ్యూగా లెక్కిస్తోంది. అంతకుముందు లెక్కతో దాన్ని పోల్చితే లేని పెరుగుదల కనిపిస్తుంది.

అసలు చిక్కంతా చవితి కుప్పలోనే ఉంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి పండగ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకి వస్తుంది. అధిక మాసం వచ్చిన ఏడాది మళ్లీ వెనక్కి వెళ్తుంది. అందుకే తారీఖుతో కాకుండా పండగకి ఎన్ని రోజుల ముందు అనే లెక్కతో వ్యూస్ పేర్చాలి. పండగకి పది రోజుల ముందు నుంచి మర్నాటి దాకా చూద్దాం. 2024లో ఆ రోజులు ఆగస్టు 28 నుంచి సెప్టెంబర్ 8 వరకు. ఆ పన్నెండు రోజుల్లో 60,000 వ్యూస్ వస్తే, ఆగస్టులో పడ్డవి మొదటి నాలుగు రోజుల 6,000 మాత్రమే అనుకుందాం. 2025లో అవే రోజులు ఆగస్టు 17 నుంచి 28 వరకు, అంటే మొత్తం ఆగస్టులోనే. కాబట్టి అంచనాలో 6,000 కాదు, 60,000 వేయాలి. దీనికి ఏడాది పెరుగుదల కలపాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. చవితికి ప్రతి వంటల ఛానెలూ ఉండ్రాళ్లే చేస్తుంది, పోటీ ఎక్కువ. నేనైతే ఏమీ కలపను.

రోజుల వారీగా చూసేటప్పుడు ఇంకో సంగతి గమనించాలి. యూట్యూబ్ స్టూడియోలో రోజు మారేది మన అర్ధరాత్రి కాదు, కాలిఫోర్నియా అర్ధరాత్రి. ఆగస్టులో అది మనకి మధ్యాహ్నం పన్నెండున్నర. చవితి రోజు పొద్దున్నే కుడుముల పిండి కలుపుతూ ఫోన్‌లో చూసిన వీడియో, గ్రాఫ్‌లో ముందురోజు ఖాతాలో పడుతుంది. పండగ రోజున గ్రాఫ్ పడిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

ఇక కొత్త వీడియోలు. ఒక్కో వీడియోకి మొదటి ముప్పై రోజుల్లో 12,000 వస్తాయని, అందులో సగం మొదటి వారంలోనే అని అనుకుందాం. జులైలో ఆరు పెట్టారు, ఆగస్టులో ఎనిమిది పెడతారు. ఎనిమిదిని పన్నెండు వేలతో గుణిస్తే 96,000. కానీ 29న పెట్టిన వీడియోకి ఈ నెలలో మిగిలేది మూడు రోజులే. నెలంతా సమంగా పెడితే, వాటి మొత్తంలో దాదాపు 70 శాతమే అదే నెలలో పడుతుంది: 67,200. జులై వీడియోల మిగతా 30 శాతం, అంటే 21,600, ఆగస్టులోకి వస్తుంది. కలిపి 88,800. వీడియోలు ఎక్కువ పెట్టిన ఫలితం కొంత వచ్చే నెలలో కనిపిస్తుందన్నమాట. పెట్టడం ఆపేసినా దెబ్బ పూర్తిగా తెలిసేది తర్వాతి నెలలోనే.

మూడూ కలిపితే 4,66,550. ఇది ఒకే అంకెగా ఎవరికీ చెప్పకూడదు. ఇదే పద్ధతిలో గడిచిన ఆరు నెలలని, ఆ నెల అంకె చూడకుండా అంచనా వేసి, ఎంత తప్పామో కొలవాలి. ఆ తేడా 12 శాతం దాకా వచ్చిందనుకోండి, అప్పుడు చెప్పాల్సింది 4.1 నుంచి 5.2 లక్షలు అని.

పదో తారీఖున కుప్పల వారీగా మళ్లీ చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. రోజువారీ కుప్ప తగ్గితే పెరుగుదల రేటు తప్పు. కొత్తవి తగ్గితే ఆ వీడియోలే సరిగా ఆడలేదు. చవితి కుప్ప గురించి అప్పుడే ఏమీ చెప్పలేం, అది కదిలేది 17 తర్వాతే.

2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి చవితి సెప్టెంబర్ 14న వస్తుంది. ఆ పన్నెండు రోజులూ సెప్టెంబర్ 4 నుంచి 15 వరకు. 2025 ఆగస్టు అంకె చూసి 2026 ఆగస్టుకి ఆశపడితే, ఆ అరవై వేలూ ఆ నెలలో రావు.