విసనకర్ర బొమ్మలో సమాంతర చతుర్భుజాలు ఎన్ని?

తిరుపతి బైరాగిపట్టెడలో మా అన్న కూతురు పోటీ పరీక్షలకు చదువుతోంది. మొన్న మధ్యాహ్నం కరెంటు పోతే విసనకర్రతో విసురుకుంటూ, నోట్‌బుక్కులో ఒక బొమ్మ చూపించింది. "చిన్నాయనా, ఇందులో సమాంతర చతుర్భుజాలు 14 వచ్చాయి, సరళరేఖలు 24. రెండూ తప్పంట!"

అచ్చం విసనకర్ర అల్లికలాంటి బొమ్మే. పైన కొన O, కింద ఎడమవైపు A, కుడివైపు B. AB అంచును నాలుగు సమభాగాలు చేసి, మధ్యలోని మూడు బిందువుల నుంచి OAకి సమాంతరంగా ఒక గీత, OBకి సమాంతరంగా ఒక గీత గీశారు.

సరళరేఖల దగ్గర ఆమె చిన్న చిన్న ముక్కలను లెక్కపెట్టింది. గీత ఎన్ని చోట్ల తెగినట్టు కనిపించినా, స్కేలు పెట్టి ఒక్కసారిగా గీయగలిగితే అది ఒకటే సరళరేఖ. OA వైపు 4, OB వైపు 4, కింద AB ఒకటి, మొత్తం 9. అంచులో n భాగాలుంటే 2n+1.

చతుర్భుజాల్లో తప్పిపోయింది పెద్దదే. O దగ్గర మొదలై కింది మూల AB మధ్యబిందువును తాకే, నాలుగు గళ్ళది. చిన్న గళ్ళు 6, రెండేసి గళ్ళవి 6, మూడేసి గళ్ళవి 2, ఈ ఒక్కటి కలిపితే 15.

ఇలా ఏరుకుంటూ పోతే n పెరిగేకొద్దీ ఏదో ఒకటి జారిపోతుంది. అందుకే నాకెంతో ఇష్టమైన ఉపాయం ఒకటి చెప్పాను. ABకి కింద, గడి ఎత్తులో సగం దూరంలో, దానికి సమాంతరంగా ఇంకో గీత గీసి, పై గీతలన్నిటినీ అక్కడిదాకా పొడిగించాలి. దానిమీద 6 బిందువులు వస్తాయి. ఏ సమాంతర చతుర్భుజం తీసుకున్నా దాని నాలుగు భుజాలు కిందికి దిగి నాలుగు వేరువేరు బిందువులను తాకుతాయి. తిరగేసి చూద్దాం: ఆరింటిలో ఏ నాలుగు ఎంచుకున్నా, ఎడమ రెండింటి నుంచి OAకి, కుడి రెండింటి నుంచి OBకి సమాంతరంగా పైకి వెళ్తే ఒకే ఒక్క చతుర్భుజం దొరుకుతుంది. కాబట్టి లెక్క, 6 బిందువుల్లో 4 ఎంచుకునే విధాలు: 6×5×4×3/24 = 15. n భాగాలకైతే:

(n+2)(n+1)n(n−1)/24

"ఆ కొత్త గీత ఎందుకు? AB మీదే లెక్కపెట్టొచ్చు కదా?" అంది. కుదరదు. ABని తాకే చతుర్భుజానికి రెండు భుజాలు అక్కడ ఒకే బిందువులో కలుస్తాయి, నాలుగు కాస్తా మూడైపోతాయి. సగం గడి కిందికి దిగితేనే అవి విడిపోతాయి.

అయితే ముందు బొమ్మను సరిగ్గా చూడాలి. గీతలన్నీ O నుంచే పుల్లల్లా విచ్చుకుని, అడ్డంగా ABకి సమాంతరమైన గీతలుంటే ఈ సూత్రం పనికిరాదు. ఒకే బిందువు నుంచి బయల్దేరిన రెండు గీతలు సమాంతరం కాలేవు కాబట్టి, అక్కడ కనిపించే నాలుగు భుజాల గళ్ళన్నీ ట్రెపీజియంలే, సమాంతర చతుర్భుజాలు సున్నా. ఇక మన అల్లిక బొమ్మలోనే ABకి సమాంతరంగా ప్రతి గడి మూలల గుండా అడ్డగీతలు కూడా గీస్తే మూడు దిక్కులు జతకూడి సంఖ్య మూడింతలవుతుంది, 45. సరళరేఖలు 12.

ఆమె అయిదు భాగాల బొమ్మ గీసుకుని, 7 బిందువుల్లో 4 అని మొదలుపెట్టి, 35 అని రాసింది.