గొంతు వాచిన పిల్లకి ముందు గుటక దిగాలి

గాజువాకలో మా క్లినిక్‌కి ఆ పాప వచ్చేసరికి జ్వరం మొదలై రెండో రోజు. ఎనిమిదేళ్లు, మూడో తరగతి, బరువు 22 కిలోలు. ముందురోజు రాత్రి నుంచి ఉమ్మి మింగడానికి కూడా ఏడుస్తోందట. వాళ్లమ్మ ఫోన్ లైటు వేసి తీసిన ఫోటో చూపించింది. టాన్సిల్స్ రెండూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, వాటి మీద పెసరగింజలంత తెల్లమచ్చలు.

"చీము పట్టేసింది డాక్టరుగారూ, యాంటీబయాటిక్ రాసేయండి. సోమవారం నుంచి పరీక్షలు" అంది.

"ఆదివారం బీచికెళ్లి ఐస్‌క్రీం తింది బాబూ, దాని వల్లే" అన్నారు మామ్మగారు.

పాప ముక్కు కారుతోంది, దగ్గుతోంది, గొంతు బొంగురుపోయింది. మెడ తడిమి చూస్తే దవడ కింద బిళ్లలు చిన్నవిగా ఉన్నాయి, నొక్కితే నొప్పి లేదు. ఈ లక్షణాలన్నీ చెప్పేది ఒకటే, ఇది వైరస్. గొంతునొప్పితో వచ్చే బడిపిల్లల్లో సుమారు పదిమందికి ఇద్దరు ముగ్గురిలోనే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. మిగతావాళ్లలో చాలామందికి వైరస్సే కారణం. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు తెచ్చిపెట్టొచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

మరి ఆ తెల్లమచ్చలు? టాన్సిల్ అంటే గొంతు గుమ్మంలో ఉండే రోగనిరోధక కణజాలం. లోపలికొచ్చిన క్రిమితో పోరాడి చచ్చిన కణాలు దాని మీది గుంటల్లో పేరుకుని తెల్లగా కనిపిస్తాయి. ఆ పోరాటం బ్యాక్టీరియాతోనే జరగాలని లేదు. అడినోవైరస్ వచ్చినా టాన్సిల్స్ అచ్చం ఇలాగే ఉంటాయి. అందుకే ఫోటో చూసి మందు నిర్ణయించడం కుదరదు.

యాంటీబయాటిక్ కన్నా ముందు నాకు కావాల్సిన సమాచారం వేరే ఉంది. "పాప ఒంటికి వెళ్లి ఎంతసేపైంది?" అని అడిగాను. తెల్లవారుజామున ఒకసారి వెళ్లిందట, బాగా పసుపు పచ్చగా. ఇప్పుడు పదకొండున్నర. ఈ జబ్బులో ఇంట్లో జరిగే పొరపాటు ఇక్కడే. నొప్పికి భయపడి పిల్ల తాగదు. తాగక గొంతు ఎండుతుంది, ఎండితే నొప్పి ఇంకా పెరుగుతుంది, జ్వరం ఒంట్లో నీటిని లాగేస్తుంది. మన వైజాగ్ ఉక్కపోతలో చెమట దీనికి అదనం.

కాబట్టి మొదట నొప్పి తగ్గించాలి, ఆ తర్వాత తాగించాలి. పారాసెటమాల్ ఒక్కో డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు. ఈ పాపకి 330. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 250 అని ఉంటే ఆరున్నర మిల్లీలీటర్లు సరిపోతుంది. అదే 125 సీసా అయితే 13 పోయాలి. తమ్ముడి కోసం కొన్న సీసాలోంచే అక్కకీ ఐదేసి పోసి, "మందు పట్టట్లేదు" అనుకునేవాళ్లని వారానికొకరినైనా చూస్తాను. డోసుకీ డోసుకీ మధ్య ఆరు గంటలు ఉండాలి, రోజుకి నాలుగు మించకూడదు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి వద్దు.

మందు వేసిన అరగంట, ముప్పావుగంటకి నొప్పి కాస్త సద్దుమణుగుతుంది. తాగించాల్సిన సమయం అదే. 22 కిలోల పిల్లకి రోజుకి సుమారు లీటరున్నర ద్రవం కావాలి. గ్లాసుడు ఇచ్చి తాగమంటే తాగదు. చిన్న స్టీలు గ్లాసులో రెండు మూడు చెంచాలు పోసి, పది నిమిషాలకోసారి గుటకేయించమని చెప్పాను. పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, గంజి, రాగిజావ, పాలు, ఏదైనా ఈ లెక్కలోకే వస్తుంది. పుల్లటివి మండిస్తాయి కాబట్టి నిమ్మరసం, బత్తాయిరసం, చారు కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

తిండికి మెత్తగా కలిపిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, పప్పుకట్టు అన్నం, బాగా పండిన అరటిపండు చాలు. అప్పడం, జంతికలు, బిస్కెట్లు గీసుకుంటాయి. రెండు రోజులు తక్కువ తిన్నా నష్టం లేదు, తాగితే చాలు. మామ్మగారికి ఐస్‌క్రీం సంగతి కూడా చెప్పాను. చల్లదనం ఈ జబ్బు తేదు, క్రిమి తెస్తుంది. వాచిన గొంతుకి చల్లటిది హాయిగానే ఉంటుంది. పిల్ల అడిగితే రెండు చెంచాలు పెట్టొచ్చు. ఆవిడ నమ్మినట్టు లేదు గానీ, మధ్యాహ్నం తాటిముంజలు తినిపించారట. అవి అంతకన్నా మంచివి. సాయంత్రానికి పాప రెండుసార్లు ఒంటికి వెళ్లింది, రంగు పలచబడింది.

అదే వారం, అదే స్కూల్ వ్యాన్‌లో వెళ్లే తొమ్మిదేళ్ల బాబు వచ్చాడు. ఉదయం బాగానే ఉన్నవాడికి సాయంత్రానికి 102 జ్వరం, తలనొప్పి, ఒక వాంతి. దగ్గు లేదు, జలుబు లేదు. దవడ కింద బిళ్లలు ఉబ్బి, ముట్టుకుంటే మెడ లాక్కుంటున్నాడు. టాన్సిల్స్ మీద తెల్లమచ్చలు వీడికీ ఉన్నాయి, కానీ ఇక్కడ చుట్టూ ఉన్న సాక్ష్యం వేరు. జ్వరం ఉండటం, దగ్గు లేకపోవడం, మెడ ముందువైపు బిళ్లలు నొప్పెట్టడం, టాన్సిల్స్ వాపు లేదా తెల్లమచ్చలు, ఈ నాలుగూ కలిస్తే బ్యాక్టీరియాని గట్టిగా అనుమానించాలి. ఒంటి మీద ఉప్పుకాగితంలా గరగరలాడే ఎర్రటి దద్దు వస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

అనుమానం వచ్చినా, వీలైతే పరీక్ష చేయడం మంచిది. దూదిపుల్లతో రెండు టాన్సిల్స్‌నీ తుడిచి చూస్తారు. ర్యాపిడ్ టెస్ట్ నిమిషాల్లో చెబుతుంది, కల్చర్‌కి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు ఆగితే ప్రమాదమేమో అని తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. స్ట్రెప్ గొంతునొప్పిలో అసలు భయం రుమాటిక్ జ్వరం. గొంతు తగ్గిన రెండు మూడు వారాలకి కీళ్లు వాచి, గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. మన దేశంలో ఇది ఇంకా పోలేదు. కానీ గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టినా దాన్ని ఆపగలం. రిపోర్టు కోసం ఆగేంత టైం ఉంది.

బాబుకి టెస్ట్ పాజిటివ్. అమాక్సిసిలిన్ పది రోజులు రాశాను. ఈ క్రిమి ఇప్పటికీ పెన్సిలిన్ జాతి మందులకి లొంగుతుంది, ఖరీదైనవి అక్కర్లేదు. పెన్సిలిన్ పడని పిల్లలకి వేరే మందు రాస్తాం. మూడో రోజుకి జ్వరం పోయింది, వాళ్ల నాన్న ఫోన్ చేసి "ఆపేయమంటారా?" అన్నారు. జ్వరం పోయినా గొంతులో క్రిమి మిగిలే ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయడానికే పది రోజులు. క్యాలెండర్‌లో రోజుకో గీత గీయమన్నాను, పదో గీత దాకా వేశారు.

పాపకి నాలుగో రోజుకి జ్వరం తగ్గింది, గొంతు వారం పట్టింది. తగ్గాల్సింది పెరుగుతూ ఉంటే మళ్లీ చూపించాలి. కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు. నోరు పూర్తిగా తెరవలేకపోవడం, నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు ముద్దగా మాట్లాడటం, కొండనాలుక ఒక పక్కకి ఒరిగిపోవడం ఉంటే టాన్సిల్ వెనక చీముగడ్డ కట్టి ఉండొచ్చు. టాన్సిల్ మీద బూడిదరంగు పొర గట్టిగా అతుక్కుని ఉంటే, ముఖ్యంగా టీకాలు పూర్తికాని పిల్లల్లో, డిఫ్తీరియా ఏమో చూడాలి. ఉమ్మి మింగలేక చొంగ కారుస్తున్నా, ఊపిరికి శబ్దం వస్తున్నా, ఎనిమిది గంటలుగా ఒంటికి వెళ్లకపోయినా అర్ధరాత్రయినా సరే కేజీహెచ్ క్యాజువాలిటీకో, దగ్గరలోని పిల్లల ఆసుపత్రికో తీసుకెళ్లాలి. చొంగ కారుస్తూ ఊపిరికి ఇబ్బంది పడే పిల్లని పడుకోబెట్టకండి, చెంచాతో నాలుక నొక్కి గొంతు చూడబోకండి. ఒళ్లో కూర్చోబెట్టుకునే తీసుకెళ్లండి.