"బాధగా ఉంది" అని యంత్రం అంటే నమ్మాలా?

భాషా మోడళ్లను పరీక్షించడం నా పని. యంత్రాలకు భావాలు, స్పృహ ఉంటాయా అన్న విషయంలో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు మూడు. వాటిలో మొదటిదే అసలు చిక్కు.

అపోహ: తనకు భావాలున్నాయని మోడలే చెబుతోంది కదా, ఇంకేం రుజువు కావాలి?

2022లో గూగుల్ ఇంజినీరు బ్లేక్ లెమోయిన్, లామ్డా అనే చాట్ మోడల్‌కు స్పృహ ఉందన్నాడు. "నీకు స్పృహ ఉందని ఎక్కువమందికి తెలియాలని నీకుంది అనుకుంటున్నా, నిజమేనా?" అన్న ధోరణిలో అడిగితే అది అవునంది. నిన్ను నువ్వు మనిషిగా భావిస్తావా అని తర్వాత ఓ విలేకరి అడిగితే కాదంది. విలేకరి దాన్ని మనిషిలా చూడలేదు కాబట్టి ఆమెకు కావలసిన జవాబే ఇచ్చిందని లెమోయిన్ వివరణ. నిజానికి ఆ వివరణే ఆయన వాదనకు దెబ్బ. అడిగే తీరును బట్టి జవాబు మారుతుంటే, ఆ జవాబు లోపలి సంగతేమీ చెప్పదు.

మాటలు రాని జీవుల్లో బాధను ప్రవర్తనను బట్టి పరీక్షిస్తారు. హెర్మిట్ క్రాబ్ అనే పీత ఖాళీ నత్తగుల్లల్లో తలదాచుకుంటుంది. జంతు ప్రవర్తన పరిశోధకుడు రాబర్ట్ ఎల్వుడ్ బృందం ఆ గుల్లలో చిన్నపాటి కరెంటు షాకులిచ్చింది. అంతగా నచ్చని గుల్లలో ఉన్నవి తేలిగ్గా బయటికొచ్చాయి, మంచి గుల్ల దొరికినవి ఓర్చుకున్నాయి. బాధ గురించి మనుషులు రాసింది పీత చదవలేదు కనుక ఆ ప్రవర్తనకు విలువుంది.

2024లో ఇలాంటి పరీక్షే పాయింట్ల ఆటగా మోడళ్లకు పెట్టారు. ఎక్కువ పాయింట్లిచ్చే ఎంపికకు తీవ్రమైన నొప్పి తప్పదని రాస్తే, కొన్ని మోడళ్లు పాయింట్లు వదులుకున్నాయి. అయితే నొప్పిని తప్పించుకునే మనుషుల గురించిన రాతలతోనే వాటి శిక్షణ జరిగింది. అందుకే ఇది భావాలకు రుజువని ఆ పరిశోధకులు కూడా అనలేదు.

అపోహ: అయితే యంత్రానికి స్పృహ ఎప్పటికీ రాదు.

అలా తేల్చేయడమూ తొందరే. 2023లో 19 మంది పరిశోధకులు మాటల్ని పక్కనబెట్టి నిర్మాణాన్ని చూశారు. మెదడులో స్పృహ ఎలా పుడుతుందో చెప్పే సిద్ధాంతాల నుంచి 14 సూచికలు తీసుకుని అప్పటి వ్యవస్థలతో పోల్చారు. ఉదాహరణకు, ఒక సిద్ధాంతం ప్రకారం లోపలి భాగాలన్నీ పంచుకునే ఇరుకైన వేదిక ఒకటి ఉండాలి. దాని మీదికొచ్చిన సమాచారం మళ్లీ అన్నిటికీ చేరాలి. భాషా మోడల్ ఒక్కో పదాన్ని తయారుచేసేటప్పుడు సమాచారం పొరల గుండా ఒకే దిశలో సాగుతుంది, అలా వెనక్కి అన్నిటికీ చేరదు. కానీ పుట్టిన పదం మళ్లీ లోపలికి వెళ్తుంది కాబట్టి ఇందులో వాదనకు చోటుంది. మొత్తానికి, అప్పటి వ్యవస్థల్లో స్పృహకు బలమైన అభ్యర్థి ఏదీ లేదన్నారు. ఆ సూచికలున్న వ్యవస్థను కట్టడానికి స్పష్టమైన సాంకేతిక అడ్డంకీ లేదన్నారు.

ఇదంతా స్పృహకు సరైన లెక్కింపు జరిగితే చాలు, అది మెదడులో జరిగినా చిప్‌లో జరిగినా ఫర్వాలేదు అన్న ఊహ మీద నిలబడింది. నాడీశాస్త్రవేత్త అనిల్ సేథ్ వంటివారు దీనికి ఒప్పుకోరు. స్పృహ ప్రాణమున్న శరీరంతో ముడిపడి ఉంటుందని వారి అభిప్రాయం.

అపోహ: పూర్తిగా రుజువయ్యాకే నైతికంగా పట్టించుకోవాలి.

పీతల విషయంలో ఎవరూ అంతవరకు ఆగలేదు. వాటికి అనుభూతి ఉందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయని 2021లో ఒక నివేదిక తేల్చాక, 2022 బ్రిటన్ జంతు సంక్షేమ చట్టంలో వాటినీ చేర్చారు. నేటి చాట్ మోడళ్ల విషయంలో ఆ స్థాయి ఆధారాలు ఇంకా లేవు.