చార్టులో ఏ గీత తీయాలి, ఏది ఉంచాలి: అపోహలు - వాస్తవాలు

జలాశయాల నీటిమట్టాల మీద వచ్చే రిపోర్టులకు చార్టులు తయారు చేయడం చాలా ఏళ్ళుగా నా పని. మొదట్లో నా దగ్గరికి వచ్చే చార్టుల్లో నల్లటి గ్రిడ్‌లైన్లు, చుట్టూ పెట్టె, ప్రతి పాయింటు మీదా ఒక అంకె ఉండేవి. అసలు గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. చార్టు ఎంత ఖాళీగా ఉంటే అంత గొప్ప అని ఎవరో చెబితే నమ్మి, అన్నీ ఊడ్చేసి తెస్తున్నారు. ఎక్కువ నష్టం చేసేది ఈ రెండో తప్పే.

అపోహ: గీతలు ఎన్ని తీసేస్తే చార్టు అంత మెరుగవుతుంది

1983లో చార్టుల నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ తన పుస్తకంలో సమాచారం లేని సిరాను చెరిపేయమని చెప్పాడు. అయితే సబబుగా ఉన్నంతవరకే అని అక్కడే షరతు కూడా పెట్టాడు. సలహా అందరికీ చేరింది, షరతును మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను. శ్రీశైలం జలాశయం రోజువారీ నీటిమట్టాన్ని జూన్ నుంచి అక్టోబరు దాకా చూపించే లైన్ చార్టు ఒకటి ఉండేది. నిలువు యాక్సిస్ 845 అడుగుల దగ్గర మొదలై 885 దగ్గర ఆగేది. ఐదేసి అడుగులకు ఒక ముదురు గ్రిడ్‌లైను, చుట్టూ నల్లటి బోర్డరు. చూడ్డానికి బాగుండేది కాదు, ఒప్పుకుంటాను. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని శుభ్రం చేస్తానన్నాడు. బోర్డరు తీశాడు, గ్రిడ్‌లైన్లన్నీ తీశాడు, యాక్సిస్ హద్దులను ఎక్సెల్‌కే వదిలేశాడు. ఎక్సెల్ పై హద్దును 890 చేసింది.

ఆ పాత చార్టులో పైన ఉన్న బోర్డరు ఉత్త అలంకారం కాదు. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, ఆ పై గీత సరిగ్గా అదే. నీలం గీత దాన్ని తాకబోతోందంటే జలాశయం నిండబోతోందని ఒక్క చూపులో తెలిసేది. కొత్త చార్టులో నీటిమట్టం 884 దాటిన రోజు కూడా పైన బోలెడంత తెల్లటి ఖాళీ కనిపించింది. సమావేశంలో ఒక పెద్దాయన దాన్ని చూసి, "ఇంకా ఐదడుగులు చోటుందన్నమాట" అన్నారు. ఉన్నది అడుగు లోపే. పక్కనున్న ఇంజనీరు వెంటనే సరిదిద్దారు కాబట్టి సరిపోయింది. ఆ కుర్రాడు రెండు రోజులు నిద్రపోలేదు. అతన్ని ఏమీ అనలేకపోయాను. ఏ గీతకు ఏ పని ఉందో అతనికి ఎవరూ చెప్పలేదు.

తరువాత ఇద్దరం కూర్చుని ఆ చార్టును మళ్ళీ చేశాం. బోర్డరు తిరిగి పెట్టలేదు. డేటా షీటులో ఇంకో కాలమ్ వేసి, ప్రతి తేదీకీ 885 నింపి, దాన్ని రెండో సిరీస్‌గా చేర్చాం. సన్నటి ముదురు గీత, దాని కుడి చివర "పూర్తిస్థాయి 885 అడుగులు" అన్న మాట. ఇలా చేస్తే రేపు ఎవరైనా గ్రిడ్‌లైన్లు తీసేసినా ఆ గీత పోదు. యాక్సిస్ హద్దులను మళ్ళీ 845, 885 చేశాం. గ్రిడ్‌లైన్లను తిరిగి పెట్టి, `Format Gridlines`లో లేత బూడిద రంగుకి మార్చి, యాక్సిస్ `Major` విలువను 5 నుంచి 10కి పెంచాం. తొమ్మిది గీతల స్థానంలో ఐదే మిగిలాయి. ఎక్సెల్‌లో గ్రిడ్‌లైన్లన్నీ ఒకే కట్ట, అందులో ఒక్కదాన్ని విడిగా ముదురు చేయడం కుదరదు. ముఖ్యమైన హద్దు దేనికైనా విడిగా ఒక సిరీస్ పెట్టుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

అదే చార్టులో ఇంకో పొరపాటు దొరికింది. ఓ నాలుగు రోజులు రీడింగు రాలేదు, పాత చార్టులో ఆ చోట గీత తెగి ఉండేది. అది వికారంగా ఉందని కుర్రాడు `Select Data`లోని `Hidden and Empty Cells`కి వెళ్ళి `Connect data points with line` ఎంచుకున్నాడు. ఆ నాలుగు రోజులూ నీరు నిలకడగా పెరిగినట్టు కనిపించింది. అక్కడ మనకు ఏమీ తెలియదు. ఆ ఖాళీ కూడా సమాచారమే, దాన్ని `Gaps`కి మార్చి వెనక్కి తెచ్చాం.

ఏది తీయొచ్చో తేల్చుకోవడానికి నేను చేసేది ఇదీ. ఈ చార్టు చూసి చెప్పగలగాల్సిన ప్రశ్నలు రెండు మూడు ముందే కాగితం మీద రాసుకుంటాను. నిండడానికి ఇంకెంత ఉంది? ఏ వారంలో ఎక్కువ పెరిగింది? ఎక్కడ లెక్క లేదు? తరువాత ఒక్కొక్కటిగా తీసేస్తూ, ఆ పనితో సంబంధం లేని మనిషికి చూపించి అవే ప్రశ్నలు అడుగుతాను. జవాబు మారినా, చెప్పడానికి తడుముకున్నా తీసినదాన్ని తిరిగి పెడతాను. తేడా రాకపోతే అది పోవాల్సిందే.

అపోహ: ప్రతి పాయింటు మీదా అంకె లేకపోతే నమ్మరు

దీని వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. పై అధికారి "ఆగస్టు 14న ఎంత?" అని అడిగితే నోరు తడబడుతుందన్న టెన్షన్. కానీ ఐదు నెలలంటే నూట యాభైకి పైగా అంకెలు, ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటీ చదవడానికి రాదు. తేదీల వారీ అంకెలు చార్టు కింద పట్టికలో పెట్టండి. గీత మీద ఆఖరి విలువ, అత్యధిక విలువ చాలు. గీతను ఒకసారి క్లిక్ చేసి, కావలసిన పాయింటు మీద ఇంకోసారి క్లిక్ చేసి, రైట్ క్లిక్‌లో `Add Data Label` అంటే ఆ ఒక్కదానికే అంకె వస్తుంది.

అపోహ: యాక్సిస్ ఎప్పుడూ సున్నా నుంచే మొదలవ్వాలి

బార్ చార్టుకైతే మొదలవ్వాల్సిందే, ఎందుకంటే అక్కడ విలువను చెప్పేది బారు పొడవు. శ్రీశైలం నిల్వను టీఎంసీల్లో బార్లుగా గీస్తే కింద సున్నా గీతను తీయకండి, మార్చకండి. నీటిమట్టం సంగతి వేరు. 885 అడుగులన్నది సముద్రమట్టం నుంచి లెక్క, జలాశయం లోతు కాదు. ఆ లైన్ చార్టును సున్నా నుంచి మొదలుపెడితే సీజనంతా ఒక చదునైన గీతగా మిగులుతుంది.

లెజెండ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఒకటో రెండో గీతలుంటే వాటి పేర్లు వాటి చివరే రాసేయండి, పెట్టె తీసేయండి. "అడుగులు" అనే మాట యాక్సిస్ మీద ప్రతి అంకె పక్కనా అక్కర్లేదు, పైన ఒక్కసారి చాలు. ఆ ఒక్కసారి మాత్రం ఉండాలి. దాన్ని కూడా తీసేసి, అవి అడుగులో మీటర్లో తెలియకుండా పంపినవాళ్ళున్నారు. నాగార్జునసాగర్ చార్టు పక్కన మీటర్లలో ఉన్న చార్టు పెట్టి పోల్చమన్నారొకసారి!

అపోహ: స్క్రీన్ మీద శుభ్రంగా ఉంటే చాలు

మా రిపోర్టులు చాలావరకు జెరాక్స్ అయ్యే పైకి వెళతాయి. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించిన లేత బూడిద గ్రిడ్‌లైన్లు రెండో కాపీలోనే మాయమవుతాయి. నీలం, ఎరుపు గీతలు రెండూ ఒకే నలుపవుతాయి. నేను పంపేముందు ఒక ప్రింటు తీసి, దాన్ని జెరాక్స్ చేసి, ఆ జెరాక్స్‌ను ఇంకోసారి జెరాక్స్ చేసి చూస్తాను. గ్రిడ్‌లైన్లు పోతే పెద్దగా పట్టించుకోను. 885 గీత కనబడకపోతే దాన్ని ఇంకొంచెం ముదురు చేస్తాను. రెండు గీతలు కలిసిపోతే ఒకదాన్ని చుక్కల గీత చేసి మళ్ళీ ప్రింటు తీస్తాను.